ఉమ్మడి ఖర్చు తగాదా: చాట్ల నుంచి ఇద్దరూ ఒప్పుకునే సారాంశం

ఒకే సంస్థలోని రెండు విభాగాలు ఒక వసతిని కలిసి వాడుకుంటున్నప్పుడు ఖర్చు వాటా మీద తేడా వస్తే, ఆ తగాదా ముందు వాట్సాప్ గ్రూపులోనే మొదలవుతుంది. అక్కడ లెక్కలు, నిందలు, పాత మాటలు, తొందరలో అన్న ‘సరే’లు అన్నీ కలగలిసిపోతాయి. నిర్ణయం తీసుకోవాల్సిన పై అధికారి ముందు ఆ సందేశాలను ఉన్నవి ఉన్నట్టు పెడితే, తాను తీర్చాల్సింది ఖర్చు లెక్కా లేక మాట పట్టింపా అన్నది ఆయనకు తెలియదు. అందుకే అకౌంట్స్‌లోనో అడ్మిన్‌లోనో ఒకరు కూర్చుని, ఆ చాట్లను ఒక పేజీ సారాంశంగా తిరగరాయాల్సి వస్తుంది.

ఈ సారాంశం తీర్పు చెప్పదు. రెండు వాదనలనూ కలిపి మధ్యేమార్గం చూపడం కూడా దాని పని కాదు. దాన్ని చదివిన ఇద్దరు హెడ్‌లూ ‘అవతలి వాళ్లు చెప్పేది నేను ఒప్పుకోను, కానీ నేను అన్నది మాత్రం ఇదే’ అని సంతకం పెట్టగలిగితే పని పూర్తయినట్టు. అది ఎలా సాధ్యమవుతుందో ఒక ఊహాజనిత ఉదాహరణతో చూడవచ్చు.

తగాదా ఏమిటి

ఒక విత్తన కంపెనీలో 120 ర్యాకుల కోల్డ్ రూమ్ ఉందనుకుందాం. పత్తి, మొక్కజొన్న హైబ్రిడ్ల తయారీకి కావాల్సిన పేరెంట్ లైన్లను రీసెర్చ్ విభాగం అందులో ఏడాది పొడుగునా దాచుతుంది. అమ్మకానికి సిద్ధమైన సరుకును మార్కెటింగ్ విభాగం ఖరీఫ్‌కు ముందు నెలల్లో ఎక్కువగా నింపుతుంది. సీజన్ అయ్యాక మిగిలిపోయిన సరుకు కొంత మళ్లీ అక్కడికే చేరుతుంది. చల్లదనం, పొడిదనం తగ్గితే విత్తనం మొలకెత్తే శక్తి తగ్గుతుంది కాబట్టి ఆ గది ఇద్దరికీ ప్రాణమే. మే నెల లోడింగ్ మధ్యలో కంప్రెసర్ కాలిపోయింది. గ్రూపులో నడిచిన సంభాషణలో ముఖ్యమైన సందేశాలు ఇవి.

మే 19, రీసెర్చ్ హెడ్: “కోల్డ్ రూమ్ ఆగిపోయింది. పేరెంట్ లైన్లు లోపలే ఉన్నాయి. పొద్దున్నుంచి మీవాళ్లు తలుపు బార్లా తీసి లోడింగ్ చేస్తుంటే ఆగక ఏమవుతుంది?”

మార్కెటింగ్ హెడ్: “మా లోడింగ్ ఏటా ఉండేదే సార్. మీరే మొన్న 15 నుంచి 10కి దించమన్నారు. మిషన్ ఎంతని లాగుతుంది?”

స్టోర్ ఇన్‌చార్జ్: “మెకానిక్ వచ్చాడు సార్. కంప్రెసర్ కాలిపోయిందంట. రెండు లక్షల పైనే అవుతుందంటున్నాడు.”

మే 20, రీసెర్చ్ హెడ్: “ముందు చేయించండి. మావి 40 ర్యాకులే, ఆ లెక్కన ఇస్తాం.”

మార్కెటింగ్ హెడ్: “అదెలా సార్? పోయినేడు సగం సగం అనుకున్నాం కదా. మావి ఆరు నెలలే ఫుల్‌గా ఉంటాయి. మీవి ఏడాదంతా ఉంటాయి.”

రీసెర్చ్ హెడ్: “సరే సార్, చూద్దాం. ముందు మిషన్ నడవనివ్వండి.”

మే 27, మార్కెటింగ్ హెడ్: “బిల్లు వచ్చింది, 2,40,000. సగం మీ ఖాతాలో వేయమని అకౌంట్స్‌కి చెప్పాను. మొన్న సరే అన్నారుగా.”

రీసెర్చ్ హెడ్: “సరే అన్నది రిపేరుకి, సగానికి కాదు. ప్రతిసారీ ఇంతే. మమ్మల్ని అడక్కుండానే మా ఖాతాలో వేస్తారు.”

ముందు రికార్డు, తర్వాత రాత

రాయడానికి కూర్చునే ముందు చాట్ మొత్తాన్ని ఎక్స్‌పోర్ట్ చేసి, మూలప్రతిని మార్చకుండా భద్రపరచాలి. స్క్రీన్‌షాట్ల మీద ఆధారపడితే ఎవరు పంపిన స్క్రీన్‌షాట్ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో దాన్నిబట్టే కథ మారిపోతుంది. పై సంభాషణలో “సరే సార్, చూద్దాం” అన్న ఒక్క సందేశాన్నే పంపితే ఒక అర్థం వస్తుంది. దాని ముందూ వెనకా ఉన్న సందేశాలతో కలిపి చూస్తే ఇంకో అర్థం వస్తుంది. తొలగించిన సందేశాలు, వాయిస్ నోట్లు, ‘ఫోన్‌లో చెప్పాను కదా’ అనే ప్రస్తావనలు ఎక్కడ ఉన్నాయో కూడా గుర్తు పెట్టుకోవాలి. వాయిస్ నోట్‌ను అక్షరాల్లోకి మార్చి సందేశాల పక్కనే చేర్చాలి. ఫోన్ సంభాషణకు రికార్డు లేకపోతే, ‘ఫోన్‌లో మాట్లాడినట్టు ఫలానా వారు చెబుతున్నారు’ అన్నంతవరకే రాయాలి.

తర్వాత ప్రతి సందేశానికీ ఒక వరుస సంఖ్య వేసి, అందులోని మాటలను నాలుగు రకాలుగా విడదీయాలి. కాగితంతో సరిచూడగలిగేది వాస్తవం. ఎందుకలా జరిగిందో, ఎవరెంత పెట్టుకోవాలో చెప్పేది వాదన. ఇస్తాం, చేస్తాం అన్నది ప్రతిపాదన. మిగిలింది కోపం లేదా ఆందోళన. ఒకే సందేశంలో ఈ నాలుగూ ఉండవచ్చు. “మావి 40 ర్యాకులే, ఆ లెక్కన ఇస్తాం” అన్న చిన్న వాక్యంలోనే 40 ర్యాకులన్న వాస్తవం ఉంది, స్థలాన్నిబట్టి పంచాలన్న వాదన ఉంది, ఆ మేరకు చెల్లిస్తామన్న ప్రతిపాదన ఉంది. విడదీయకుండా సారాంశంలోకి తెస్తే ఒకదాన్ని ఒప్పుకుంటే మూడూ ఒప్పుకున్నట్టు అవుతుంది. అభ్యంతరాలు ఎక్కువగా అక్కడే పుడతాయి.

కోపాన్ని కొట్టేయడం తేలికే కానీ దాని వెనక పని చేసే విషయం ఒకటి ఉంటుంది. “ప్రతిసారీ ఇంతే, మమ్మల్ని అడక్కుండానే మా ఖాతాలో వేస్తారు” అన్న మాటలో నింద పోగా మిగిలేది ఒక స్పష్టమైన కోరిక: ఒక విభాగం ఖాతాలో ఖర్చు వేసేముందు ఆ విభాగం రాతపూర్వక అంగీకారం తీసుకోవాలి. అలాగే “మా లోడింగ్ ఏటా ఉండేదే” అన్న మాట వెనక, తాము కొత్తగా చేసిందేమీ లేదన్న వాదన ఉంది. సారాంశంలో నింద ఉండకూడదు, కోరిక పోకూడదు. దాన్ని కూడా తీసేస్తే ఆ హెడ్‌కు తాను చెప్పిన అసలు విషయమే మాయమైనట్టు అనిపిస్తుంది.

‘సరే’ అంటే ఒప్పందమేనా?

ఖర్చు తగాదాల చాట్లలో అన్నిటికంటే ప్రమాదకరమైన చోటు ఇదే. “సరే సార్”, “చూద్దాం”, బొటనవేలి గుర్తు, మౌనం, వీటిలో ఏదైనా అంగీకారమని ఒక పక్షం, కాదని మరో పక్షం అంటుంది. సారాంశం రాసేవారు ఏదో ఒక అర్థాన్ని ఎంచుకున్న క్షణాన తటస్థత పోతుంది. ఇక్కడ చేయాల్సింది ఒకటే: అన్న మాటను తేదీతో సహా యథాతథంగా ఇచ్చి, ఇద్దరూ దాన్ని ఎలా అర్థం చేసుకున్నారో పక్కపక్కన రాయడం.

పోయినేటి మాట కూడా అంతే. గ్రూపులో వెనక్కి వెళ్లి వెతికితే, ముందటి ఆగస్టులో ఫ్యాన్ మోటారు మార్చినప్పుడు 18,000 రూపాయల బిల్లు గురించి రీసెర్చ్ హెడ్ రాసిన సందేశం దొరికిందనుకుందాం: “ఈసారికి సగం మేం పెట్టుకుంటాం. వచ్చే ఏడాదికి లెక్క వేరేగా చూద్దాం.” సగం చెల్లించిన మాట నిజం. అదే పద్ధతి కొనసాగుతుందని రాసి లేదన్నదీ నిజమే. ‘గత ఏడాది సగం సగం ఒప్పందం జరిగింది’ అని రాస్తే మార్కెటింగ్ వైపు మొగ్గినట్టు. ‘అలాంటి ఒప్పందమేదీ లేదు’ అని రాస్తే రీసెర్చ్ వైపు మొగ్గినట్టు. ‘గత ఆగస్టులో 18,000 రూపాయల బిల్లును చెరి 9,000 చొప్పున భరించారు, అప్పటి సందేశంలో “ఈసారికి” అని ఉంది’ అని రాస్తే ఇద్దరూ కాదనలేరు.

రెండు ప్రశ్నలు ముడిపడటం

ఈ తగాదాలో కనిపించని చిక్కు ఒకటుంది. గదిని ఎవరు ఎంత వాడుకున్నారు అన్నది ఒక ప్రశ్న. కంప్రెసర్ కాలిపోవడానికి ఎవరు కారణం అన్నది ఇంకో ప్రశ్న. చాట్లో ఈ రెండూ ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. రీసెర్చ్ హెడ్ ఒకసారి ర్యాకుల లెక్క చెబుతారు, ఇంకోసారి తలుపు మాట ఎత్తుతారు. మార్కెటింగ్ హెడ్ ఒకసారి నెలల లెక్క చెబుతారు, ఇంకోసారి ఉష్ణోగ్రత మాట ఎత్తుతారు. ఎవరూ అబద్ధం ఆడటం లేదు. ఇద్దరూ ప్రశ్న మార్చి జవాబు చెబుతున్నారు.

ఖర్చుల లెక్కల శాస్త్రంలోనూ ఈ తేడా ఉంది. భారత కాస్ట్ అకౌంటెంట్ల సంస్థ ఉత్పత్తి, నిర్వహణ ఓవర్‌హెడ్‌ల మీద వెలువరించిన మూడో ప్రమాణం ఇలాంటి ఖర్చులను ఆపాదించడానికి రెండు సూత్రాలు చెబుతుంది. ఒకటి కారణం–ఫలితం, రెండోది పొందిన ప్రయోజనం. సారాంశంలో ఈ రెంటికీ రెండు వేర్వేరు శీర్షికలు పెడితే తగాదా సగం చల్లారుతుంది. ఎందుకంటే మొదటి ప్రశ్నకు జవాబు మెకానిక్ రిపోర్టులో ఉంటుంది, రెండోదానికి ర్యాకుల రిజిస్టరులో ఉంటుంది. ఒకరి నోటి మాటతో ఇంకొకరి నోటి మాట తలపడాల్సిన అవసరం తగ్గుతుంది.

సర్వీస్ రిపోర్టులో కండెన్సర్ కాయిల్ మీద దుమ్ము పేరుకుందనీ, కంప్రెసర్ వైండింగ్ కాలిందనీ ఉందనుకుందాం. తలుపు గురించి గానీ, సెట్టింగు మార్చడం గురించి గానీ అందులో లేదు. మే 4న సెట్టింగు 15 నుంచి 10 డిగ్రీలకు మారినట్టు స్టోర్ లాగ్‌బుక్‌లో ఉంది. తలుపు ఎంతసేపు తెరిచి ఉందో ఎక్కడా నమోదు కాలేదు. అప్పుడు రెండు కారణాల వాదనలనూ ఒకే తూకంలో రాయాలి: రెండూ చెప్పారు, రిపోర్టు రెండింటినీ నిర్ధారించలేదు, కాదనలేదు. కాయిల్ శుభ్రం చేయించే బాధ్యత ఎవరిదన్న కొత్త ప్రశ్న ఇక్కడ పుడుతుంది. చాట్లో ఎవరూ ఎత్తని ఆ ప్రశ్నకు జవాబు ఊహించి రాయకూడదు. తేలాల్సిన అంశాల్లో చేర్చాలి.

వాడకం వైపు చూస్తే, రిజిస్టరు ప్రకారం రీసెర్చ్ 40 ర్యాకులను పన్నెండు నెలలూ వాడింది. అంటే 480 ర్యాకు-నెలలు. మార్కెటింగ్ ఆరు నెలలు 80 ర్యాకులు, మిగతా ఆరు నెలలు 40 ర్యాకులు వాడింది. అంటే 480, 240 కలిపి 720. మొత్తం 1,200లో రీసెర్చ్ వాటా 40 శాతం, మార్కెటింగ్ వాటా 60 శాతం. ఇద్దరు హెడ్‌లు చెప్పిన లెక్కల్లో ఏ ఒక్కటీ ఈ సంఖ్యను ఇవ్వలేదు. ర్యాకులు మాత్రమే లెక్కేస్తే రీసెర్చ్‌కు మూడో వంతు పడుతుంది, సగం సగం అంటే 50 శాతం పడుతుంది. నెలలు కూడా లెక్కలోకి తీసుకోవాలన్న మార్కెటింగ్ వాదనను, ర్యాకులు లెక్కలోకి తీసుకోవాలన్న రీసెర్చ్ వాదనను కలిపితే వచ్చేది 40. అయినా ‘ఇదే న్యాయం’ అని సారాంశం అనకూడదు. మూడు లెక్కలనూ వరసగా ఇచ్చి ఆగిపోవాలి. నాలుగో పద్ధతి ఏదైనా రాసేవారికి తోస్తే, దాన్ని ఇద్దరూ అడిగితే తప్ప చేర్చకూడదు.

మాటల తూకం

తెలుగులో పక్షపాతం పెద్ద విశేషణాల్లో కంటే చిన్న ప్రత్యయాల్లో దాగి ఉంటుంది. “40 ర్యాకులే” అన్నప్పుడు ఆ చివరి ‘ఏ’ తక్కువని చెబుతుంది. “ఆరు నెలలే” అన్నదీ అంతే. ‘కేవలం’, ‘ఏకంగా’, ‘కనీసం’, ‘కదా’, ‘అంట’ వంటివన్నీ లెక్కకు ఒక వైపు బరువు పెడతాయి. సారాంశంలో 40 ర్యాకులు, ఆరు నెలలు అని ఉండాలి. క్రియలూ చూసుకోవాలి. ఒకరు ‘తెలిపారు’ అని రాసి మరొకరు ‘ఒప్పుకున్నారు’ అనో ‘వాదించారు’ అనో రాస్తే, చదివేవారికి ఎవరు తప్పు చేశారో అప్పుడే సూచన అందుతుంది. ఇద్దరికీ ఒకే క్రియ వాడటం మంచిది. ఒకరిని ‘గారు’ అని, మరొకరిని హోదాతో మాత్రమే రాయడమూ ఇలాంటి తప్పే. పేర్లు తీసేసి విభాగాల పేర్లే రాస్తే ఆ ఇబ్బంది రాదు.

ఇద్దరి వాదనలూ దాదాపు సమాన నిడివిలో, ఒకే క్రమంలో ఉండాలి. ముందు ఎవరిది రాయాలన్న ప్రశ్నకు తేదీల వరుసో అక్షర క్రమమో పాటించి, ఏది పాటించారో చెప్పేస్తే చాలు. రాత పూర్తయ్యాక ఒక పరీక్ష పెట్టుకోవచ్చు: రెండు విభాగాల పేర్లను తారుమారు చేసి చదవాలి. ఏ వాక్యమైనా అప్పుడు అన్యాయంగా వినిపిస్తే, ఆ వాక్యం మొదటి నుంచీ ఒక వైపు ఒరిగి ఉన్నట్టే.

తటస్థత అంటే వాస్తవాన్ని మెత్తబరచడం అని పొరబడకూడదు. రిజిస్టరులో 40 బదులు 55 ర్యాకులు ఉంటే, ‘ర్యాకుల సంఖ్యపై భిన్నాభిప్రాయాలున్నాయి’ అని రాయడం తప్పించుకోవడమే. రీసెర్చ్ 40 అని చెప్పిందనీ, రిజిస్టరులో 55 ఉందనీ రెండూ రాయాలి. కాగితం తేల్చిన విషయాన్ని కాగితం తేల్చినట్టే ఇవ్వాలి.

తయారైన సారాంశం

పై సంభాషణ నుంచి వచ్చే సారాంశం ఇలా ఉంటుంది.

“విషయం: కోల్డ్ రూమ్ కంప్రెసర్ మరమ్మతు ఖర్చు రూ. 2,40,000 (పన్నుతో కలిపి) పంపకం. విభాగాలను తొలి సందేశాల వరుసలో పేర్కొన్నాం.

నమోదైన వాస్తవాలు: మే 4న ఉష్ణోగ్రత సెట్టింగు 15 నుంచి 10 డిగ్రీలకు మారింది. మే 19న లోడింగ్ జరుగుతున్న రోజున కంప్రెసర్ ఆగింది. సర్వీస్ రిపోర్టులో కండెన్సర్ కాయిల్ మీద దుమ్ము, వైండింగ్ కాలిపోవడం నమోదయ్యాయి. గత ఆగస్టులో రూ. 18,000 బిల్లును రెండు విభాగాలు చెరి సగం భరించాయి. అప్పటి సందేశంలో ‘ఈసారికి సగం మేం పెట్టుకుంటాం. వచ్చే ఏడాదికి లెక్క వేరేగా చూద్దాం’ అని ఉంది.

కారణంపై: లోడింగ్ సమయంలో తలుపు తెరిచి ఉంచడం కారణమని రీసెర్చ్ తెలిపింది. సెట్టింగు తగ్గించడం కారణమని, లోడింగ్ ఏటా ఉండేదేనని మార్కెటింగ్ తెలిపింది. సర్వీస్ రిపోర్టులో ఈ రెండింటి ప్రస్తావన లేదు.

వాటాపై: ర్యాకుల సంఖ్య ప్రకారం పంచాలని రీసెర్చ్ తెలిపింది. గత ఏడాదిలాగా సగం చొప్పున పంచాలని, వాడిన నెలలను కూడా చూడాలని మార్కెటింగ్ తెలిపింది. రీసెర్చ్, మార్కెటింగ్ వాటాలు వరసగా: సగం చొప్పున రూ. 1,20,000, రూ. 1,20,000, గరిష్ఠంగా వాడిన ర్యాకుల ప్రకారం రూ. 80,000, రూ. 1,60,000, ర్యాకు-నెలల ప్రకారం రూ. 96,000, రూ. 1,44,000.

మే 20 నాటి సందేశం: ‘సరే సార్, చూద్దాం. ముందు మిషన్ నడవనివ్వండి.’ ఇది మరమ్మతుకు మాత్రమే అంగీకారమని రీసెర్చ్, సగం వాటాకు కూడా అంగీకారమని మార్కెటింగ్ తెలిపాయి.

తేలాల్సినవి: పంపకం పద్ధతి, కాయిల్ శుభ్రత బాధ్యత, ఒక విభాగం ఖాతాలో ఖర్చు వేసేముందు రాతపూర్వక అంగీకారం ఉండాలన్న రీసెర్చ్ కోరిక.”

చాట్లో ఉన్న ఘాటు మాటలు ఇందులో లేవు. వాటిని దాచినట్టూ కాదు, ఎందుకంటే మూలప్రతి భద్రంగా ఉందని ఇద్దరికీ తెలుసు.

ఇద్దరి చేతుల్లోకి

ఈ ప్రతిని గ్రూపులో పెట్టకూడదు. పదిమంది చూస్తుండగా తన మాటను సవరించుకోవడం ఎవరికైనా కష్టం. ఇద్దరికీ ఒకే ప్రతిని, ఒకే సమయంలో, విడివిడిగా పంపాలి. ‘మీ విభాగం గురించి రాసినది సరిగా ఉందా?’ అన్న ఒక్క ప్రశ్నే అడగాలి. రెండు వేర్వేరు ప్రతులు తయారైతే అవే కొత్త తగాదాకు పునాది అవుతాయి. 1978 సెప్టెంబరులో ఈజిప్టు, ఇజ్రాయెల్ నేతలు క్యాంప్ డేవిడ్‌లో కూర్చున్నప్పుడు అమెరికా బృందం ఇలాంటి ఒకే ముసాయిదా పద్ధతినే వాడింది. విమర్శలు విని సవరిస్తూ 13 రోజుల్లో దాదాపు 23 ముసాయిదాలు తయారు చేసిందని రోజర్ ఫిషర్, విలియం యూరీ 1981లో వచ్చిన ‘గెటింగ్ టు యెస్’లో వివరించారు. ఆఫీసు ఖర్చుకు అన్ని ముసాయిదాలు అక్కర్లేదు. రెండు మూడు సరిపోతాయి.

వచ్చే సవరణలు మూడు రకాలుగా ఉంటాయి. మాట నచ్చలేదంటే మాట మార్చాలి. అంకె తప్పంటే కాగితం అడిగి సరిచూడాలి. అవతలి వాళ్ల వాదనను తీసేయమంటే మాత్రం తీయకూడదు. దానికి జవాబుగా ఏమైనా చెప్పదలిస్తే అది వారి సొంత భాగంలో చేరుతుంది. ఒక హెడ్ ‘చాలా బాగుంది’ అని వెంటనే పంపేసి, మరొకరు రెండు రోజులైనా పలకకపోతే, సారాంశం ఒక వైపు ఒరిగిందేమో మళ్లీ చూసుకోవాలి. ఇద్దరికీ చిన్న చిన్న అసంతృప్తులు ఉండి, ఎవరూ వాస్తవాన్ని కాదనకపోతే అది సిద్ధమైనట్టే.

ఇద్దరి సంతకాలూ అయ్యాక సారాంశం ఫైనాన్స్ హెడ్ దగ్గరికి వెళ్తుంది. మూడు లెక్కల్లో ఒకదాన్ని ఎంచుకోవడం, లేదా కారణం తేలేదాకా ఖర్చును సంస్థ ఉమ్మడి ఖాతాలో ఉంచడం అక్కడి నిర్ణయం. ఆ నిర్ణయం ఏదైనా, అది ఎంతకాలం వర్తిస్తుందో రాతలో ఉండాలి. కిందటి ఆగస్టులో ఆ ఒక్క వాక్యం లేకపోవడం వల్లే 18,000 రూపాయల పాత సర్దుబాటు ఈ మేలో 2,40,000 రూపాయల తగాదాలో సాక్ష్యంగా నిలబడింది.